కదిరి లేపాక్షి అంటే ఊర్లు కావు

అనంతపురంలో మా రైతు సంఘం మీటింగ్ రికార్డింగ్‌కు ట్రాన్‌స్క్రిప్ట్ తీసి, ఏఐ టూల్‌తో సారాంశం రాయించాను. "కదిరి, లేపాక్షిలకు విత్తనాలు పంపాలని నిర్ణయించారు" అని వచ్చింది. నాకు టెన్షన్ పట్టుకుంది. కదిరి లేపాక్షి అనేది వేరుశనగ రకం. పైగా అది నిర్ణయమే కాదు, ఆ విత్తనం తెప్పించమని ఒక రైతు అడిగాడంతే.

ట్రాన్‌స్క్రిప్ట్‌లో పేర్ల బదులు ఉన్నవి "స్పీకర్ 1, స్పీకర్ 2" మాత్రమే. ఎవరి మాట నిర్ణయమో, ఎవరిది సూచనో టూల్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే ట్రాన్‌స్క్రిప్ట్ పైన ఇది రాశాను:

```
స్పీకర్ 1: అధ్యక్షురాలు. ఈమె ఒప్పుకుంటేనే నిర్ణయం.
స్పీకర్ 2: సభ్యుడైన రైతు. ఈయనవి సూచనలు.
స్పీకర్ 3: అకౌంటెంట్. లెక్కలు చెబుతారు.
కదిరి లేపాక్షి: వేరుశనగ రకం (కే 1812)
కే సిక్స్: కదిరి 6 రకం. "కేసు" అని పడి ఉండొచ్చు.
సందేహముంటే ఊహించవద్దు, ఆ వాక్యాన్నే చూపించు.
```

ఈసారి "కదిరి లేపాక్షి విత్తనం కోసం సభ్యుడి సూచన, నిర్ణయం కాలేదు" అని సరిగ్గా వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట స్పీకర్ నంబర్లు తారుమారయ్యాయి. అప్పుడు రైతు మాట అధ్యక్షురాలి నిర్ణయమైపోతుంది. అందుకే ప్రతి నిర్ణయం దగ్గరా ఆడియో సమయం వేయమని అడిగి, ఆ ముక్క విన్నాకే మినిట్స్ పుస్తకంలో రాస్తున్నాను.