సగం స్పాన్ మీదే లోడ్ ఉన్న ఫిక్స్‌డ్ బీమ్

8 మీటర్ల ఫిక్స్‌డ్ బీమ్, EI అంతటా ఒకటే. ఎడమ సగం మీదే మీటరుకు 12 కిలోన్యూటన్ల లోడ్ ఉందనుకోండి. చాలామంది ఆ 48 కిలోన్యూటన్లనూ 2 మీటర్ల దగ్గర పాయింట్ లోడ్‌గా పెట్టేస్తారు. సింప్లీ సపోర్టెడ్ బీమ్ రియాక్షన్లకైతే సరే, ఇక్కడ మాత్రం ఎడమ మొమెంట్ 54 అని తప్పు వస్తుంది.

ఫోర్స్ మెథడ్‌లో రెండు చివరి మొమెంట్లనూ తీసేసి, సింప్లీ సపోర్టెడ్ బీమ్‌గా చూడండి. అప్పుడు చివరల స్లోపులు ఎడమన `9wL³/384EI`, కుడిన `7wL³/384EI`. ఆ వాలును మొమెంట్లు పూర్తిగా వెనక్కి తిప్పాలి. సొంత చివర `L/3EI`, అవతలి చివర `L/6EI` చొప్పున తిప్పుతాయి కాబట్టి:

```
2MA + MB = 108
MA + 2MB = 84
```

`MA` 44, `MB` 20 కిలోన్యూటన్ మీటర్లు, రెండూ హాగింగే. నేనైతే కూడి చూస్తాను: 64. స్పాన్ నిండా లోడ్ ఉంటే వచ్చే `wL²/12` కూడా అంతే. కుడి సగం లోడ్ దీని అద్దంబొమ్మే కాబట్టి, సరిగ్గా సగం లోడ్‌కే ఈ సరిచూపు పనికొస్తుంది.