ఒక నవల కీర్తి వందేళ్లలో ఎలా మారిందో వ్యాసంలో ఎలా రాయాలి? ‘మోబీ డిక్’ ఉదాహరణగా

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివే విద్యార్థులు అమెరికన్ నవల మీద రాసే వ్యాసాల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: “మెల్విల్ రాసిన మోబీ డిక్‌ను ఆ కాలం వారు తిరస్కరించారు, ఇరవయ్యో శతాబ్దం గుర్తించింది.” ఈ మాట పూర్తిగా అబద్ధం కాకపోయినా దీనితో వ్యాసం ముందుకు సాగదు. తిరస్కరించినవారు ఎవరు, వారు చదివిన ప్రతి ఏది, నవలలో దేన్ని తప్పుపట్టారు అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. ఒక నవలను ఏ కాలంలో ఎవరు ఎలా చదివారో పరిశీలించే రిసెప్షన్ హిస్టరీ మొదలయ్యేది ఆ ప్రశ్నలతోనే.

మొదటి పని: నవల మొత్తాన్ని కాక, అందులోని ఒక్క లక్షణాన్ని ఎంచుకోండి

“నవల కీర్తి ఎందుకు మారింది?” అన్న ప్రశ్న వ్యాసానికి మరీ పెద్దది. కాలాలు మారినా విమర్శకులందరూ ఏదో ఒక రకంగా ప్రస్తావించిన ఒక లక్షణాన్ని పట్టుకోవాలి. మోబీ డిక్‌లో కథ మధ్యలో తిమింగలాల జాతుల గురించి, వేట పనిముట్ల గురించి అధ్యాయాలకు అధ్యాయాలు నడుస్తాయి. తిమింగలాలను పుస్తకాల మాదిరిగా వర్గీకరించే 32వ అధ్యాయం దీనికి మంచి నమూనా. కథను, సమాచారాన్ని ఇలా కలపడం 1851లో దోషంగా కనిపించింది, 1920ల తర్వాత గుణంగా కనిపించింది. పుటలు మారలేదు కాబట్టి మారినదేమిటో మీరు చూపించగలుగుతారు.

రెండో పని: విమర్శకుల చేతిలో ఉన్న ప్రతి ఏదో తేల్చుకోండి

చాలామంది దాటిపోయే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఈ నవల ముందుగా 1851 అక్టోబరులో లండన్‌లో ‘ది వేల్’ అన్న పేరుతో మూడు సంపుటాలుగా వచ్చింది, న్యూయార్క్ ప్రతి నవంబరులో వచ్చింది. లండన్ ప్రతిలో మతానికీ రాచరికానికీ కటువుగా తోచిన మాటలను తొలగించారు. అంతకంటే ముఖ్యంగా, చివరనున్న ఉపసంహారం అందులో లేదు. ఓడ మునిగాక కథకుడు ఇష్మాయేలు, తన మిత్రుడు క్వీక్వెగ్ కోసం చేసిన శవపేటికను పట్టుకుని తేలుతూ బతికి బయటపడ్డాడని చెప్పే ఒక్క పుట అది. ఆ పుట లేకపోతే ఓడలో అందరూ చనిపోయినట్టే లెక్క. మరి ఈ కథ చెబుతున్నది ఎవరు?

లండన్ విమర్శకులు సరిగ్గా ఇదే అడిగారు. గనిలో ఉన్నవారంతా చనిపోతే, ఆ గనిలో వారు మాట్లాడుకున్న మాటలను రచయిత వర్ణించకూడదన్న సూత్రాన్ని ‘స్పెక్టేటర్’ పత్రిక గుర్తుచేసింది. ఇది వారి అభిరుచి లోపం కాదు, వారికి అందిన పుస్తకమే అసంపూర్ణం. అదే వారంలో ‘అథెనియం’ పత్రిక ఈ నవలను కల్పననూ వాస్తవాలనూ సరిగా కలపని మిశ్రమంగా తేల్చింది. ఆ తర్వాత ‘బోస్టన్ పోస్ట్’ సమీక్షకుడు, తాను దాదాపు సగం పుస్తకమే చదివానని చెబుతూనే, అథెనియం తీర్పు సరైనదేనని రాశాడు. ఆయనకు అందుబాటులో ఉన్న అమెరికన్ ప్రతిలో ఉపసంహారం ఉంది. ఒక దేశంలో లోపంతో అచ్చయిన పుస్తకంపై వచ్చిన తీర్పు ఇంకో దేశంలోని సరైన పుస్తకానికి ఇలా అంటుకుంది.

అందువల్ల మీరు ఏ సమీక్షను ఉదహరించినా, అది ఏ నగరంలో ఏ తేదీన వచ్చిందో, ఏ ప్రతి గురించి రాశారో పక్కనే రాసుకోండి.

మూడో పని: మెచ్చుకున్నవారినీ, మధ్యకాలాన్నీ వదలకండి

సమీక్షలను తర్వాతి గ్రంథాల పరిచయ వాక్యాల నుంచి కాక, మూలం నుంచే చదవాలి. నాటి సమీక్షలను సంకలనం చేసిన పుస్తకాలు ఉన్నాయి, పాత పత్రికల సంపుటాలు చాలావరకు archive.org లో దొరుకుతాయి. అలా చదివినవారికి లండన్‌లోనే ‘జాన్ బుల్’ వంటి పత్రికలు నవలను గట్టిగా మెచ్చుకున్నాయని తెలుస్తుంది. అందరూ తిరస్కరించారన్న మాట అక్కడే సడలిపోతుంది. అయితే అమ్మకాలు తక్కువన్నది నిజం. మెల్విల్ 1891లో చనిపోయేనాటికి అమెరికన్ ప్రతులు 3,000 పైచిలుకు మాత్రమే అమ్ముడయ్యాయి. విమర్శకుల తీర్పు, అమ్మకం రెండు వేర్వేరు సాక్ష్యాలు కనుక ఒకదాన్ని ఇంకొకదానికి రుజువుగా చూపకండి. 1851కీ 1920లకూ మధ్యనున్న కాలం కూడా పూర్తిగా శూన్యం కాదు. సముద్ర కథల రచయిత క్లార్క్ రస్సెల్ వంటి ఇంగ్లీషు అభిమానులు 1880లలోనే ఆయన్ను పొగిడారు.

నాలుగో పని: మలుపుకు కారణాన్ని మనుషుల్లోనూ సంస్థల్లోనూ వెతకండి

“కాలం గుర్తించింది” అని రాస్తే ఎవరు గుర్తించారో చెప్పినట్టు కాదు. మెల్విల్ పుట్టి నూరేళ్లయిన 1919లో విమర్శకుడు కార్ల్ వాన్ డోరెన్ ప్రోత్సాహంతో కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు రేమండ్ వీవర్ ఆయనపై పని మొదలుపెట్టి, 1921లో జీవితచరిత్ర ప్రచురించాడు. 1923లో డి.హెచ్. లారెన్స్ అమెరికన్ సాహిత్యంపై తన వ్యాసాల్లో ఈ నవలకు పెద్దపీట వేశాడు. తెగిపోతూ, రూపాలు కలగలుపుతూ సాగే రచనలకు అప్పటి పాఠకులు అలవాటు పడుతున్నారు. కాబట్టి అథెనియం తప్పుపట్టిన మిశ్రమమే వారికి ఆకర్షణ అయింది. 1941లో అమెరికన్ విమర్శకుడు మాథీసెన్ రాసిన గ్రంథంతో నవల విశ్వవిద్యాలయ పాఠ్యాల్లో స్థిరపడింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు విమర్శలో ఓడ కెప్టెన్ ఆహాబు నియంతగానూ, ఇష్మాయేలు స్వేచ్ఛాజీవిగానూ కనిపించారు. అమెరికా నుంచి దేశబహిష్కరణ ఎదుర్కొంటూ న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ద్వీపంలో నిర్బంధంలో ఉన్న ట్రినిడాడ్ రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ మాత్రం 1953లో వెలువడిన పుస్తకంలో పలు దేశాల నావికులను, వారి శ్రమను కేంద్రంలో నిలిపాడు. పనిని వివరించే అధ్యాయాలు ఆయనకు అడ్డంకి కాలేదు, అవే ఆయన వాదానికి ఆధారమయ్యాయి.

ఐదో పని: ప్రతి తీర్పునూ నవలలోని ఒక పుట దగ్గరికి తీసుకురండి

తేదీలు వరుసగా పేర్చితే అది పట్టిక అవుతుంది, వ్యాసం కాదు. దాన్ని పరీక్షించే మార్గం ఒకటుంది: మీ పేరాలో విమర్శకుల పేర్లన్నీ కొట్టేసి చూడండి. నవల గురించి ఒక్క వాక్యమూ మిగలకపోతే ఆ పేరాను మళ్లీ రాయాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “హార్పూన్ ఈటెకు కట్టే తాడు గురించి వివరించే 60వ అధ్యాయం 1851 నాటి కొలమానంతో కథకు అంతరాయం. కానీ చివరికి ఆహాబు ప్రాణం తీసేది ఆ తాడే కనుక, సమాచారంగా కనిపించినది కథను ముందే సిద్ధం చేస్తోంది. ఈ సంబంధం కనిపించాలంటే పాఠకుడు రెండింటినీ వేరుచేసే అలవాటు మానుకోవాలి.” ఈ పేరాలో పాఠకుల చరిత్ర నవలలోని ఒక చోటును తెరిచి చూపుతోంది.

ఇటీవలి చదువే సరైనదన్న ధోరణి మీ వ్యాసంలోకి రాకుండా చూసుకోండి. మనం చదివేదీ ఒక చోటు నుంచే. ఒంగోలు దగ్గర సముద్రతీరంలోని కొత్తపట్నం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, తోటివారంతా విసుగుపడిన ఆ తాడు అధ్యాయమే తనకు బాగా నచ్చిందని రాసింది. పడవలో చుట్టగా పెట్టిన తాడు బయటికి పరుగెత్తేటప్పుడు కాలు ఎక్కడ పెట్టకూడదో ఆమెకు ఇంట్లోనే తెలుసు. అటువంటి పరిశీలనను ముగింపులో అనుభవంగా చెప్పి వదిలేయకుండా, జేమ్స్ వాదం పక్కన పెట్టి, అతను చూడనిది ఏమి చూపుతోందో రెండు మూడు వాక్యాల్లో వాదించాలి. మీరు ఏ ప్రతి నుంచి ఉదహరించారో కూడా అక్కడే పేర్కొనండి.