కొత్త లేబుల్ పెట్టా, పాతది తీయడం మర్చిపోయా

ఇంట్లో పచ్చళ్లు చేసి వాట్సాప్ బిజినెస్‌లో అమ్ముతాను. మొన్న ఒకావిడకి డబ్బులు పంపమని రెండోసారి మెసేజ్ పెడితే "నిన్ననే పంపాను కదమ్మా, చూసుకోలేదా?" అంది. పరువు పోయింది. తీరా చూస్తే ఆ చాట్‌కి Pending payment, Paid రెండు లేబుళ్లూ ఉన్నాయి, ఎందుకంటే కొత్తది పెట్టినంత మాత్రాన పాతది దానంతటది పోదు, మనమే టిక్ తీసెయ్యాలి. ఇప్పుడు డబ్బు పడగానే పాత టిక్ తీసి, కొత్తది పెట్టి, అప్పుడే `/paid` అని కొడతాను, "డబ్బు అందిందండీ, రేపు పార్శిల్ పంపుతాం" అని ముందే రాసిపెట్టుకున్న క్విక్ రిప్లై కనిపిస్తుంది, దాన్ని ఎంచుకుని సెండ్ నొక్కడమే.

దానంతటదే వెళ్లే గ్రీటింగ్ మెసేజ్‌లో ధరలు పెట్టడం కూడా మానేశాను. అది కొత్తవాళ్లకీ, 14 రోజులుగా మాటల్లేని వాళ్లకే వెళ్తుంది, వారంవారం కొనేవాళ్లకి మారిన రేటు తెలియనే తెలియదు. దానికి `/rate` అని ఇంకోటి పెట్టుకున్నా.