టీడీఎస్ సున్నా, కట్టాల్సింది 78,780: ఉద్యోగం మారిన ఏడాది వచ్చే చిక్కు

సమస్య: ఏడాది పొడవునా పేస్లిప్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ గడిలో సున్నానే ఉంది. జూన్‌లో రెండు కంపెనీల నుంచి రెండు ఫారం 16లు వచ్చాయి, వాటిలోనూ సున్నానే. తీరా రిటర్న్ నింపుతుంటే 78,780 రూపాయలు కట్టమంటోంది, పైన వడ్డీ కూడా చూపిస్తోంది.

పేరోల్ పనిలో ఉన్న నా దగ్గరికి ప్రతి జూలైలోనూ ఈ టెన్షన్‌తో ఎవరో ఒకరు వస్తారు. చాలామంది పోర్టల్ తప్పు లెక్క వేసిందనుకుంటారు. లెక్క సరిగ్గానే ఉంటుంది.

కారణం: టీడీఎస్ అంటే మీ అసలు పన్ను కాదు. మీ జీతం ఇంత ఉండొచ్చని కంపెనీ వేసుకున్న అంచనా మీద ముందుగా పట్టుకుని, మీ పాన్ మీద జమ చేసే సొమ్ము అది. అసలు పన్ను ఏప్రిల్ నుంచి మార్చి దాకా మీకు వచ్చిన మొత్తం ఆదాయం మీద తేలుతుంది. కంపెనీకి తనిచ్చే జీతం తెలుసు. మిగతాది మీరు చెబితేనే తెలుస్తుంది.

2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో లెక్క వేసి చూద్దాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక కంపెనీలో నెలకు 80,000. ఆ కంపెనీ ఏడాదికి 9.6 లక్షలని అంచనా వేసి, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేసింది. పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి పన్నును సున్నా చేసే రిబేట్ వర్తించింది, కోత లేదు. అక్టోబర్ నుంచి కొత్త కంపెనీలో నెలకు 1,50,000. వాళ్లు తాము ఇచ్చే 6 నెలల 9 లక్షలే చూశారు. మళ్లీ 75,000 తీశారు, మళ్లీ రిబేట్ ఇచ్చారు. ఎవరికి వాళ్లు సరిగ్గానే చేశారు. కానీ చట్టం ఆ రెండూ మనిషికి ఏడాదికి ఒక్కసారే ఇస్తుంది.

పాత కంపెనీ 6 నెలల 4.8 లక్షలు, కొత్త కంపెనీ 9 లక్షలు, రెండు జీతాలూ కలిపితే 13.8 లక్షలు. ఒక్కసారి 75,000 తీస్తే 13.05 లక్షలు. ఇది 12 లక్షలు దాటింది కాబట్టి రిబేట్ పోయింది. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షల మీద 5 శాతం, అంటే 20,000. ఆ పైన 4 లక్షల మీద 10 శాతం, 40,000. మిగిలిన 1.05 లక్షల మీద 15 శాతం, 15,750. అన్నీ కలిపి 75,750, దాని మీద 4 శాతం సెస్ 3,030. అదే 78,780.

పరిష్కారం, మార్చి లోపే తెలిస్తే: కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు ఫారం 12బి ఇవ్వండి. పాత కంపెనీ ఇచ్చిన జీతం, కోసిన పన్ను అందులో ఉంటాయి. చాలా కంపెనీల పేరోల్ సైట్‌లో గత ఉద్యోగ ఆదాయం అని ఒక గడి కూడా ఉంటుంది. చేరిన రోజు హడావిడిలో అందరూ ఖాళీగా వదిలేసేది దాన్నే. అక్టోబర్‌లోనే నింపి ఉంటే నెలకు 13,130 చొప్పున 6 నెలల్లో తీరిపోయేది. చేతికొచ్చే జీతం తగ్గుతుందని దాచుకోవడం నష్టమే, ఆ సొమ్ము ఎలాగూ కట్టాల్సిందే.

మార్చి దాటాక తెలిస్తే: ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో e-Pay Tax తెరిచి, అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 ఎంచుకుని, 300 నంబరు ఉన్న Self Assessment Tax కింద కట్టండి. ఆ చలాన్ వివరాలు రిటర్న్‌లో చేరాయో లేదో చూసుకున్నాకే సమర్పించండి. కట్టాల్సింది 10,000 దాటింది కాబట్టి ఏప్రిల్ 1 నుంచి నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. ఈ లెక్కలో జూలైలో కడితే అదొక్కటే 3,148 రూపాయలు. అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలు కట్టనందుకు పడే వడ్డీ దీనికి వేరు. అందుకే సున్నా చూసి నిశ్చింతగా ఉండకుండా, ఏప్రిల్‌లోనే రెండు జీతాలూ కలిపి ఒకసారి లెక్క వేసుకోండి.

సమస్య: జీతంలో పన్ను కోశారు, కానీ మీ పాన్ మీద జమైన పన్ను చూపే 26AS పత్రంలో కనబడటం లేదు.

కారణం: కంపెనీ ఆ సొమ్ము జమ చేయలేదు, లేదా మూడు నెలలకోసారి ఇచ్చే టీడీఎస్ స్టేట్‌మెంట్‌లో మీ పాన్ తప్పు పడింది. రెండోదే ఎక్కువగా చూశాను, అందులోనూ ఒక్క అక్షరం అటూ ఇటూ అవ్వడమే.

పరిష్కారం: పేస్లిప్ జతచేసి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, స్టేట్‌మెంట్ సవరించమని అడగండి. ఫోన్‌లో అడిగి ఊరుకోవద్దు. జీతంలోంచి నిజంగానే కోసేసిన పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని చట్టమే చెబుతోంది, అయితే కోశారని చూపించడానికి మీ చేతిలో ఉండేవి ఆ పేస్లిప్‌లు, బ్యాంకు స్టేట్‌మెంటే. ఉద్యోగం మానేశాక కంపెనీ సైట్ తెరుచుకోదు, కాబట్టి చివరి రోజుకు ముందే అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.