సెల్ఫ్ అప్రైజల్ రాసే ముందు జాగ్రత్తలు

- ఫారం తెరవకముందే, మీ మార్పుకు ముందున్న పాత అంకె వెతికి పెట్టుకోండి. మానిటరింగ్ డ్యాష్‌బోర్డుల్లో పాత డేటా కొన్నాళ్లకే చెరిగిపోవచ్చు. నిజానికి రిలీజ్ రోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాల్సింది.

- "పేమెంట్ పేజీ వేగం పెంచాను" అంటే చాలదు. "ఆర్డర్ల టేబుల్‌కి ఇండెక్స్ చేర్చాను. నూటికి 95 రిక్వెస్టులకు 1.8 సెకన్లలోపు వచ్చే జవాబు ఇప్పుడు 0.6 సెకన్లలోపే వస్తోంది. రిలీజ్‌కి ముందు, తర్వాత రెండేసి వారాల లెక్క ఇది" అని రాయండి. సగటు మాత్రమే ఇస్తే బాగా నెమ్మదైనవి అందులో దాక్కుంటాయి. ఆ రోజుల్లో ట్రాఫిక్ తగ్గిందేమో కూడా చూడండి. పండగ సేల్ ముగిసి రద్దీ తగ్గితే, కోడ్ మారకపోయినా పేజీ చురుగ్గా కనిపిస్తుంది.

- క్వెరీ మార్చింది మీరు, క్యాషింగ్ పెట్టింది పక్కవాళ్లు అయితే అలాగే రాయండి. మేనేజర్ ఇద్దరి ఫారాలూ చదువుతారు.

- కమిట్ల సంఖ్య, కోడ్ లైన్ల లెక్క వద్దు.