గీజర్‌లో లైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం వేడెక్కవు: ఎక్కడ వెతకాలి?

స్విచ్ వేస్తే లైటు వెలుగుతోంది. అరగంటైనా నీళ్లు చల్లగానే ఉన్నాయి. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా ఎలిమెంట్ కాలిపోయిందనుకుని కొత్తది కొనేస్తారు. కొనే ముందు పది నిమిషాలు పరీక్షకు కేటాయించండి, ఎందుకంటే నీళ్లు మితిమీరి వేడెక్కితే కరెంటును తెంచే కటౌట్ పడిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

మూత విప్పే ముందు ఎంసీబీ ఆపండి. స్విచ్ ఆపితే చాలదు, అది ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ను తెంచుతూ ఉండవచ్చు. టెర్మినళ్లలో కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టండి.

ఎలిమెంట్‌కు వచ్చే రెండు వైర్లలో ఒకదాన్ని ఊడదీసి, మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి ఎలిమెంట్ రెండు కొసల మధ్య కొలవండి. వైరు తీయకపోతే పక్క సర్క్యూట్ గుండా తప్పు రీడింగ్ రావచ్చు. 230 వోల్టుల మీద నడిచే 2000 వాట్ల ఎలిమెంట్ దాదాపు 26 ఓమ్‌లు చూపాలి. మీటరు ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగిందన్నమాట, మార్చాల్సిందే. ఒక కొసకూ ట్యాంకు లోహానికీ మధ్య రీడింగ్ వచ్చినా ఎలిమెంట్ పనికిరాదు. ఆ కరెంటు నీళ్లలోకి దిగుతుంది కాబట్టి అలాంటి గీజర్ను ఒక్కరోజు కూడా వాడకండి.

ఎలిమెంట్ 26.5 చూపిందనుకుందాం. అంటే అది బాగానే ఉంది. ఇక థర్మోస్టాట్ మీదో, దాని పక్కనో ఉండే చిన్న రీసెట్ బటన్‌ను నొక్కండి. టిక్కుమంటే కటౌట్ పడిపోయి ఉందన్నమాట. వైరు బిగించి, మూత పెట్టి, కరెంటు ఇవ్వండి. నీళ్లు వేడెక్కుతాయి. కానీ పని ఇక్కడితో అయిపోలేదు: కటౌట్ ఊరికే పడదు. మర్నాడు నీళ్లు పొగలు కక్కేంత వేడెక్కి మళ్లీ పడిపోతే, థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి, అది కరెంటును ఆపలేకపోతూ ఉండవచ్చు.

దాన్ని తేల్చడం సులువు. కరెంటు ఆపి, వైర్ల స్థానాలు ఫొటో తీసుకుని, కడ్డీ థర్మోస్టాట్‌ను బయటికి లాగండి. అది విడి గొట్టంలో కూర్చుంటుంది గనుక ట్యాంకు ఖాళీ చేయనక్కర్లేదు. నాబ్‌ను తక్కువలో పెట్టి, బీప్ మోడ్‌లో ఉన్న మల్టీమీటర్‌ను దాని టెర్మినళ్లకు తగిలించి, అవి తడవకుండా కడ్డీని మాత్రం బాగా వేడి నీళ్లలో ముంచండి. కాసేపటికి టిక్కుమని, మీటరు బీప్ ఆగాలి. బీప్ మోగుతూనే ఉంటే థర్మోస్టాట్ పోయింది. కడ్డీ పొడవు, ఆంపియర్లు పాతదానితో సరిపోయేది తెచ్చుకోండి. కొత్తది వచ్చేదాకా అని కటౌట్‌ను వైరుతో కలిపేయడం మాత్రం ఎంత అవసరమైనా చేయకూడదు. అది లేకపోతే నీళ్లు మరిగి, ట్యాంకులో ఒత్తిడి పెరిగి, పేలే ప్రమాదం ఉంది.

ఎలిమెంటే మార్చాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, గాస్కెట్ కూడా కొత్తది వేయండి. పాతదాని మీద తెల్లటి గార మందంగా కట్టి ఉంటే అది కాలిపోవడానికి కారణం దాదాపుగా అదే: వేడి, నీళ్లలోకి పోక ఎలిమెంట్‌లోనే నిలిచిపోతుంది. ట్యాంకు అడుగున రాలిన గారను కూడా కడిగేయండి. బిగించాక వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి బుడగలు లేకుండా ధార నిండుగా వచ్చాకే స్విచ్ వేయండి. నీళ్లు నిండకుండా వేస్తే కొత్త ఎలిమెంట్ నిమిషాల్లోనే కాలిపోతుంది.