ఊళ్లో అమ్మకు గొంతు బొంగురుపోతే: ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకు

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఇల్లు గురించి అడుగుతుంటారు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరూ ముందుగా చెప్పని పని ఒకటుంది. ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోకపోతే, ఇక్కడ కూర్చుని వాళ్లను డాక్టరు దగ్గరకు కదిలించడం. డబ్బులు పంపడం తేలికే. మనిషిని కదిలించడమే కష్టం. నెల దాటిన గొంతు బొంగురు ఒక్కటే తీసుకుని, మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. దూరంగా ఉన్నవాళ్లకు ముందుగా తెలిసే జబ్బు ఇదే, ఎందుకంటే మనకు అందేది వాళ్ల గొంతే.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. మిరప కోతల కాలంలో కూలీలను పిలవడం, కాయలు ఆరబోయించడం, తాలు కాయలు ఏరించడం అంతా ఆవిడే చూసుకుంటుంది. అంటే రోజంతా గట్టిగా అరుస్తూనే ఉంటుంది.

డాలస్‌లో చలికాలం రాత్రి 8 అయితే ఊళ్లో పొద్దున్న 7:30. మనం ఫోన్ చేసేది సాధారణంగా ఆ టైముకే. నిద్ర లేచిన కాసేపటి వరకూ ఎవరి గొంతైనా కాస్త బరువుగానే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ఫోనుతో ఏదీ తేల్చకండి. ఒకటి రెండు రోజులు మీ పొద్దున్నే లేచి, వాళ్ల సాయంత్రం పూట మాట్లాడండి. ఆ తర్వాత వాట్సాప్‌లో వెనక్కి వెళ్లి, రెండు మూడు నెలల కిందట ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి విని, ఇవాళ్టి దానితో పోల్చండి. మా అమ్మ సంక్రాంతికి పంపిన మెసేజ్‌లో "అరిసెలు పంపించానురా" అన్న మాట ఖంగుమంది. ఫిబ్రవరి చివర్లో పంపినదాంట్లో వాక్యం చివరికొచ్చేసరికి గొంతు గాలైపోతోంది. రోజూ ఆవిడ పక్కనే ఉన్న చెల్లికి ఆ తేడా తెలియలేదు. రెండు మెసేజ్‌లూ వరుసగా వినిపిస్తే చెల్లి కూడా కంగారుపడింది.

ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా మాట మార్చేస్తోందని ఉత్తరం రాశాను. కాగితం మీద ఉంటే మనిషి రెండోసారి చదువుతుంది, సంచిలో పెట్టుకుని డాక్టరు దగ్గరకు కూడా తీసుకెళ్తుంది. సొంత విషయాలు కొన్ని తీసేసి, మిగతాది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. మీ అమ్మకు తగ్గట్టు మార్చుకోండి.

"అమ్మా,

ఫోనులో అడిగితే 'ఏం లేదులేరా, మిరపకాయ ఘాటు' అంటున్నావు. ఘాటే అయితే తెనాలిలో పిన్ని వాళ్లింట్లో ఉన్న నాలుగు రోజుల్లో కొంచెమైనా తగ్గాలి కదా? అక్కడ కూడా అలాగే ఉందని పిన్ని చెప్పింది. జలుబు వల్లనుకుంటే, జలుబుకి పోయిన గొంతు వారంలో, మహా అయితే రెండు వారాల్లో తిరిగి రావాలి. నీకు జలుబు తగ్గి నెల దాటింది.

మన ఊరి ఆరెంపీ గారు ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు, సూది కూడా వేశారు. ఆయన్ని నేనేమీ అనను. కానీ ఈ జబ్బు టార్చిలైటు వేసి నోరు తెరిపిస్తే కనపడేది కాదు. గొంతు లోపల, నాలుక మొదలుకి కింద, స్వరపేటికలో రెండు చిన్న మడతలుంటాయి. మాట్లాడేటప్పుడు అవి దగ్గరకొచ్చి కంపిస్తేనే గొంతు పలుకుతుంది. వాటి మీద ఆవగింజంత బుడిపె లేచినా పూర్తిగా కలవవు. మధ్యలోంచి గాలి పోతుంది, గొంతు బొంగురుపోతుంది. వాపు ఉన్నా అంతే. ఒక మడత కదలకుండా ఆగిపోయినా అంతే. ఇవన్నీ బయటికి ఒకేలా వినిపిస్తాయి. నేను విన్నా, డాక్టరు విన్నా తేడా తెలియదు. చూస్తేనే తెలుస్తుంది. చూడకుండా ఇంకో కోర్సు మందులు వాడితే ఇంకో నెల పోతుంది.

నీ మనసులో ఉన్న భయం నాకు తెలుసు. పక్కింటి తాతయ్యకు గొంతు క్యాన్సర్ వచ్చినప్పటి నుంచి ఇ.ఎన్.టి. డాక్టరంటేనే నీకు టెన్షన్. ఆ మాట నీ దగ్గర దాచను. నెల దాటిన బొంగురు ఎక్కువమందిలో వాపు, బుడిపె, కడుపులోంచి పైకి తన్నే పులుపు, థైరాయిడ్ లాంటి వాటివల్లే వస్తుంది. తాతయ్య జీవితమంతా చుట్ట కాల్చాడు, నువ్వు కాల్చలేదు. అయినా కొద్దిమందిలో అది క్యాన్సరే అవుతుంది కాబట్టి చూపించుకోవాలి. ఆ మడతల మీద వచ్చేది చిన్నగా ఉండగానే గొంతు మార్చేస్తుంది. అప్పుడే చూపించుకున్నవాళ్లకు రేడియేషన్‌తోనో చిన్న లేజర్ ఆపరేషన్‌తోనో చాలావరకు నయమవుతుంది. తాతయ్య ఆరు నెలలు మిరియాల కషాయం తాగాడు. మింగుడు పడనప్పుడు గానీ వెళ్లలేదు.

పరీక్ష గురించి చెబుతాను. మత్తు ఇవ్వరు, కోత పెట్టరు. గొంతులో చేదుగా ఉండే స్ప్రే కొడతారు, కాసేపట్లో మొద్దుబారుతుంది. నాలుకను గుడ్డతో పట్టుకుని, నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం పెట్టి, 'ఈ' అనమంటారు. నువ్వు 'ఈ' అన్నప్పుడు ఆ రెండు మడతలూ కలుస్తున్నాయో లేదో తెర మీద కనిపిస్తుంది. నోట్లోంచి పెడితే వాంతి వచ్చేలా ఉందని చెబితే సన్న గొట్టం ముక్కులోంచి పెడతారు. కొద్ది నిమిషాల పని. కడుపు నిండా తిని వెళ్లకు. బీపీ బిళ్ల మాత్రం మామూలుగానే వేసుకో. పరీక్ష అయ్యాక మొద్దు దిగేదాకా, అంటే సుమారు గంటసేపు, నీళ్లు కూడా తాగొద్దు, పొలమారుతుంది.

గుంటూరులో పెద్దాసుపత్రికి వెళ్లినా సరే, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లినా సరే. కొత్తపేటలో ప్రైవేటు డాక్టరు దగ్గరకైనా నాకు ఇష్టమే. ఎక్కడికెళ్లినా 'గొంతులో కెమెరా పెట్టి చూడాలండి' అని నువ్వే అడుగు. ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్లు. పల్లెవెలుగు బస్సుకి ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆటోకి పోయే డబ్బు గురించి ఆలోచించకు. చెల్లి నీతో వస్తుంది, డబ్బులు దానికి పంపించాను.

వెళ్లేదాకా కేకలు వేయొద్దు. గుసగుసగా కూడా మాట్లాడొద్దు, దానివల్ల ఆ మడతలు ఇంకా బిగుసుకుంటాయి. మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడు. కూలీలను పిలిచే పని చెల్లికి అప్పజెప్పు. గాలి పీల్చేటప్పుడు గొంతులో కూతలా శబ్దం వచ్చినా, ఊపిరి అందకపోయినా డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయించు. కళ్లెలో రక్తం కనిపించినా, మింగుడు పడకపోయినా, మెడలో గడ్డ తగిలినా ఆ రోజే బయలుదేరు.

గురువారం వెళ్దామని చెల్లి అంటోంది. కోతలు సోమవారం కదా, దానికి అడ్డం రాదు.

నీ పెద్దోడు"

రోజు పేరు రాయడం ముఖ్యం. "త్వరగా చూపించుకో" అంటే "కోతలయ్యాక" అంటారు. కోతలయ్యాక ఉగాది, ఉగాది అయ్యాక ఎవరిదో పెళ్లి. డబ్బులు కూడా ఆవిడకు కాకుండా వెంట వెళ్లే మనిషికి పంపండి. అమ్మ చేతికిస్తే అవి పురుగు మందుల బాకీకి పోతాయి.

వెళ్లే మనిషికి చీటీ ఒకటి రాసివ్వండి. బొంగురు ఏ రోజు నుంచి, మధ్యలో ఒక్క రోజైనా పూర్తిగా బాగైందా, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు, బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నాయా, పొగ అలవాటు ఉందా, మెడకు ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా. ఆస్తమాకి పీల్చే మందు వల్ల కూడా గొంతు బొంగురుపోవచ్చు. ఆ సంగతి చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు.

అమ్మ గురువారమే వెళ్లింది. కుడి మడత మీద చిన్న పాలిప్, అంటే మెత్తటి బుడిపె, ఉందని డాక్టరు చెప్పారు. గట్టిగా అరిచేవాళ్లలో వచ్చేదే. రెండు మడతలూ బాగా కదులుతున్నాయని చీటీ మీద రాశారు. ఆ మాట కోసం మీరు తప్పకుండా అడగాలి. ఒక మడత కదలడం లేదంటే కథ గొంతు దగ్గర ఆగదు. దాన్ని కదిలించే నరం, ముఖ్యంగా ఎడమవైపుది, ఛాతీలోకి దిగి గుండె దగ్గరి పెద్ద రక్తనాళం కిందుగా తిరిగి పైకి వస్తుంది. అందుకే గొంతు సమస్యతో వెళ్లినవాళ్లకు థైరాయిడ్ స్కానింగ్, ఛాతీకి సీటీ రాస్తారు. డబ్బుల కోసం అనవసరంగా రాశారేమోనని ఇక్కడి నుంచి వద్దనకండి.

ఏమీ కనిపించలేదు, కాస్త ఎర్రగా ఉంది, గ్యాస్ వల్లేనని బిళ్లలిచ్చి పంపితే మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ అడిగి రాయించుకోమనండి. నెలా నెలన్నరలో గొంతు బాగుపడకపోతే మళ్లీ కెమెరా పెట్టి చూడాల్సిందే, బిళ్లలు పొడిగించుకుంటూ పోకూడదు.

అమ్మకు మత్తు ఇచ్చి, నోట్లోంచే మైక్రోస్కోపు సాయంతో పాలిప్ తీసేశారు. మర్నాడు ఇంటికి పంపేశారు. డాక్టరు చెప్పినన్ని రోజులు అస్సలు మాట్లాడకూడదు కాబట్టి ముందే చెల్లి ఆవిడకు ఒక పలక, సుద్దముక్క కొనిచ్చింది. మీవాళ్లది ఆపరేషన్ దాకా వస్తే, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చునే చోట ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ముందుగానే అడిగించండి. ఆపరేషన్ అయ్యాక అడిగితే కుదరదు.

తీసిన ముక్కను బయాప్సీకి పంపుతారు. వారం పది రోజుల్లో ఆ రిపోర్టు వస్తుంది. ఈలోగా గొంతు బాగుపడుతుంది, మనిషి పొలానికి వెళ్లిపోతుంది, రిపోర్టు తెచ్చుకోవాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పాలిప్ లాగే కనిపించినా అది పాలిప్పేనని తేల్చేది ఆ కాగితం. మా చెల్లిని ప్రత్యేకంగా అందుకోసమే గుంటూరు పంపి, తెప్పించుకున్న రిపోర్టు ఫోటో తీయించి, డాక్టరు సంతకం ఉందో లేదో చూసుకున్నాకే ఆ ఫైలు మూశాను. మీరూ రిపోర్టు వచ్చే తేదీని ఇక్కడి మీ ఫోనులో రిమైండర్‌గా పెట్టుకోండి.